బల్క్ పేమెంట్ ఫైల్: బ్యాంకు చూసేదెంత, మనం చూసుకోవాల్సిందెంత

జీడిమెట్లలో పంపుల విడిభాగాలు తయారు చేసే ఒక చిన్న యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. శుక్రవారం సాయంత్రం అకౌంట్స్ సెక్షన్‌లో వారం పేమెంట్ల పని నడుస్తోంది. మేనేజర్ అప్రూవ్ చేసిన బిల్లులు టేబుల్ మీద ఉన్నాయి. వాటిని ఎక్సెల్‌లో ఎక్కించి, బ్యాంకు ఇచ్చిన ఫార్మాట్‌లోకి మార్చి, కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో అప్‌లోడ్ చేయాలి. ఫైల్ ఎక్కుతుంది, పోర్టల్ పచ్చ టిక్ చూపిస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సోమవారం ఉదయం బేరింగుల షాపు నుంచి ఫోన్ వస్తుంది: "సార్, డబ్బులు ఇంకా పడలేదు." స్టేట్‌మెంట్ తీసి చూస్తే కంపెనీ ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయే ఉంది.

ఇలాంటి చోట తప్పు బ్యాంకుదేనని మొదట అనిపిస్తుంది. చాలాసార్లు కాదు. పోర్టల్ ఇచ్చే పచ్చ టిక్‌కు అర్థం చాలా చిన్నది. నింపాల్సిన గడులన్నీ నిండాయా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ వాడుకలో ఉన్నదేనా, మొత్తం అంకెల్లోనే ఉందా, తేదీ సరైన రూపంలో ఉందా అన్నంత వరకే అది చూస్తుంది. ఆ ఖాతా నిజంగా ఆ సప్లయర్‌దేనా, ఆ మొత్తం నిజంగా అతనికి రావాల్సిందేనా అన్నది దానికి తెలియదు, తెలిసే దారీ లేదు.

ఖాతాదారు పేరు విషయంలో ఈ సంగతి మరీ ముఖ్యం. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతుల్లో డబ్బు జమయ్యేది ఖాతా నంబర్‌ను బట్టే. ఫైల్‌లో పేరు గడి ఉంటుంది, దాన్ని నింపాలి కూడా. కానీ అవతలి బ్యాంకు ఆ పేరును తన రికార్డుతో పోల్చి చూసి జమ చేస్తుందని అనుకోవడం పొరపాటు. నంబర్ సరిగ్గా వేయాల్సిన బాధ్యత పంపేవాళ్లదేనని రిజర్వు బ్యాంకు ఎప్పుడో స్పష్టం చేసింది. ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కొట్టగానే ఖాతాదారు పేరు కనిపించే సదుపాయాన్ని నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు 2025 ఏప్రిల్ 1 లోగా తేవాలని బ్యాంకులను ఆదేశించింది కూడా. ఇది మంచి సాధనమే. అయితే దాన్ని వాడాల్సింది కొత్త పార్టీ ఖాతాను మొదటిసారి నమోదు చేసేటప్పుడు. బల్క్ ఫైల్‌లోని ప్రతి వరుసకూ అది దానంతటదే జరిగిపోతుందన్న భరోసా పెట్టుకోకూడదు.

అందుకే అసలు చెకింగ్ అప్‌లోడ్‌కు ముందే, మన దగ్గరే జరగాలి. అందులో తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండే. అప్రూవ్ అయిన మొత్తానికీ ఫైల్ మొత్తానికీ మధ్య తేడా ఎక్కడెక్కడ వచ్చింది? ఫైల్‌లోని ప్రతి ఖాతా నంబరూ ఆ పార్టీదేనని దేన్ని చూసి చెబుతున్నాం?

మొదటి ప్రశ్న నుంచి చూద్దాం. మన యూనిట్‌లో ఆ వారం అప్రూవ్ అయినవి ఏడు బిల్లులు. కాస్టింగులు పంపే పార్టీవి రెండు: 1,18,000, 88,500. మెషినింగ్ జాబ్ వర్క్ చేసే ఫర్మ్‌ది 70,800. అట్టపెట్టెల పార్టీది 42,000. బేరింగుల షాపుది 35,400. కటింగ్ టూల్స్ పార్టీవి రెండు, ఒక్కోటి 17,700. అన్నీ కలిపితే 3,90,100 రూపాయలు. ఇదే మొత్తం ఫైల్‌లోకి పోతే అది తప్పు ఫైల్.

టూల్స్ బిల్లులు రెండూ ఒకే మొత్తానికి ఉండటమే మొదటి అనుమానం. ఒకదాని నంబర్ రిజిస్టర్‌లో TS/0187 అని ఉంది, రెండోది 187 అని ఉంది. సరుకుతో వచ్చిన కాగితాన్ని స్టోర్స్ వాళ్లు ఒకసారి పంపారు. తర్వాత మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను ఇంకొకరు ఎక్కించారు. రెండు దారుల్లో వచ్చిన ఒకే బిల్లు రెండుసార్లు అప్రూవ్ అయింది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డూప్లికేట్ నంబర్లను ఆపుతుందిగా అంటే, దాని కంటికి ఇవి వేర్వేరు నంబర్లు. కాబట్టి పోల్చే ముందు బిల్లు నంబర్‌లోంచి అక్షరాలు, గీతలు, మొదట్లోని సున్నాలు తీసేయాలి. అప్పుడు మిగిలిన అంకెలు, పార్టీ కోడ్, మొత్తం మూడూ ఒకటే అయిన వరుసలను పక్కన పెట్టి బిల్లు కాగితాలు చూడాలి. ప్రతి నెలా ఒకే అద్దె, ఒకే సర్వీస్ ఛార్జీ వచ్చే పార్టీలు కూడా అప్పుడప్పుడు ఈ వలలో పడతాయి. అందుకే దొరికినవాటిని దానంతటదే తీసేసేలా పెట్టకూడదు. మనిషి చూసి తీయాలి.

కాస్టింగుల పార్టీ రెండు బిల్లులు కలిపి 2,06,500. కానీ పోయిన నెల వాళ్లు పంపిన కాస్టింగుల్లో కొన్ని బ్లో హోల్స్‌తో రిజెక్ట్ అయ్యాయి, వాటి విలువను వాళ్లకు ఇవ్వాల్సిన దాంట్లోంచి తగ్గించే 11,800 డెబిట్ నోట్ ఉంది. అది లెడ్జర్‌లో ఉంటుంది గానీ అప్రూవ్ అయిన బిల్లుల కట్టలో ఉండదు. కట్ట చూసి పేమెంట్ చేసేవాళ్లకు ఇది కనిపించదు. లెడ్జర్ తెరిస్తేనే కనిపిస్తుంది. అది తగ్గిస్తే ఇవ్వాల్సింది 1,94,700.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఆర్‌టీజీఎస్‌కు కనీస మొత్తం 2 లక్షలు. నెఫ్ట్‌కు అలాంటి కనీస పరిమితి లేదు. చాలా ఆఫీసుల్లో పార్టీ మొత్తం 2 లక్షలు దాటిందని చూసి పేమెంట్ మోడ్ గడిలో ముందే ఆర్‌టీజీఎస్‌కు గుర్తుగా R అని నింపేస్తారు, డెబిట్ నోట్ తర్వాత తగ్గిస్తారు. మొత్తం 1,94,700కు దిగినా R మాత్రం అలాగే ఉండిపోతుంది. బ్యాంకు ఆ వరుసను తిప్పి కొడుతుంది. కొన్ని పోర్టళ్లలో అయితే ఒక్క వరుస బాగోకపోయినా ఫైల్ మొత్తం ఆగిపోతుంది. పేమెంట్ మోడ్‌ను చేత్తో కొట్టకుండా, కోతలన్నీ అయ్యాక D కాలమ్‌లో మిగిలిన మొత్తం నుంచే తీసుకుంటే ఈ తంటా ఉండదు. కింది సూత్రంలో N అంటే నెఫ్ట్.

```
=IF(D2>=200000,"R","N")
```

జాబ్ వర్క్ ఫర్మ్ బిల్లు 70,800లో పని విలువ 60,000, జీఎస్టీ 10,800. ఫర్మ్ కాబట్టి టీడీఎస్ 2 శాతం. జీఎస్టీని బిల్లులో విడిగా చూపించినప్పుడు టీడీఎస్ పని విలువ మీదే కోయాలి, అంటే 1,200. వెళ్లాల్సింది 69,600. తొందరలో బిల్లు మొత్తం మీద 2 శాతం వేస్తే 1,416 అవుతుంది, పార్టీకి 216 రూపాయలు తక్కువ వెళ్తుంది. చిన్న మొత్తమే. కానీ ఆ 216 ఆ పార్టీ లెడ్జర్‌లో తేలని బ్యాలెన్స్‌గా నెలల తరబడి వేలాడుతుంది, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అడిగిన ప్రతిసారీ మళ్లీ తవ్వాల్సి వస్తుంది.

ఇప్పుడు లెక్క ఇలా నిలుస్తుంది. అప్రూవ్ అయినది 3,90,100. డూప్లికేట్ బిల్లు 17,700 పోయింది. డెబిట్ నోట్ 11,800 పోయింది. టీడీఎస్ 1,200 పోయింది. మిగిలింది 3,59,400, ఐదు పార్టీలకు ఐదు వరుసలు. ఈ నాలుగు ముక్కల లెక్కను ఒక కాగితం మీద రాసి ఫైల్‌తో పాటు, దాన్ని చూసి పోర్టల్‌లో ఓకే చేసే చెకర్‌కు ఇవ్వాలి. మొత్తం పనిలో ఇంత విలువైన కాగితం ఇంకోటి ఉండదు. ఎందుకంటే పోర్టల్‌లో చెకర్‌కు మొదట కనిపించేది ఐదు వరుసలు, 3,59,400 అన్న రెండు అంకెలే. ఆయన చేతిలో ఉన్న అప్రూవల్ షీట్ మీద ఏడు బిల్లులు, 3,90,100 ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో తెలియకపోతే ఆయన ఫైల్ తయారు చేసిన మేకర్ మీద నమ్మకంతో ఓకే కొట్టడమే అవుతుంది. అప్పుడు ఇద్దరు చూశారన్న మాటకు అర్థం ఉండదు.

ఇక రెండో ప్రశ్న, ఖాతా నంబర్లది. డబ్బు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే, కారణం కూడా చాలాసార్లు ఎక్సెలే. ఎక్సెల్ దేన్నైనా సంఖ్య అనుకుంటే 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాతి అంకెలను సున్నా చేసేస్తుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతా నంబర్లకు 16 అంకెలు. మన బేరింగుల షాపు ఖాతా ఆ బ్యాంకులోనే ఉంది, నంబర్ చివరి ఆరు అంకెలు 552767. గడి టెక్స్ట్ ఫార్మాట్‌లో లేనప్పుడు దాన్ని పేస్ట్ చేస్తే చివరి 7 పోయి 552760 అవుతుంది. ఎర్ర గీత ఉండదు, హెచ్చరిక ఉండదు. అంకెల సంఖ్య కూడా 16 అలాగే ఉంటుంది కాబట్టి పొడవు చూసే పరీక్షల్లో పాసైపోతుంది. ఒకసారి సున్నా అయ్యాక గడిని టెక్స్ట్‌గా మార్చినా ఆ 7 తిరిగి రాదు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లకు జరిగేది ఇంకో రకం నష్టం: ముందున్న సున్నాలు రాలిపోతాయి. ఇది కాస్త నయం, పొడవు తగ్గుతుంది కాబట్టి దొరికే అవకాశం ఉంది.

దీన్ని పట్టే పాత పద్ధతి ఒకటుంది. ప్రతి ఖాతా నంబర్‌లోని చివరి ఆరు అంకెలను సంఖ్యలుగా తీసుకుని కూడటం. ఆ మొత్తానికి డబ్బుతో సంబంధం లేదు, దాని పని గుర్తుగా ఉండటమే. దీన్ని హ్యాష్ టోటల్ అంటారు.

```
=SUMPRODUCT(--RIGHT(B2:B6,6))
```

మన ఐదు పార్టీల చివరి అంకెలు 004512, 318876, 090133, 552767, 000941 అనుకుంటే, పార్టీల ఖాతా వివరాలు నమోదు చేసి ఉంచే వెండర్ మాస్టర్ నుంచి వచ్చే మొత్తం 967229. తయారైన ఫైల్ నుంచి తీస్తే 967222 వచ్చింది. తేడా 7. ఏడు తక్కువ అంటే 7తో ముగిసే నంబర్ సున్నాగా మారిందేమో అని వెంటనే చూడొచ్చు. ఐదు వరుసల్లో ఇది చిన్న పనిలా ఉంటుంది. రెండు వందల వరుసల ఫైల్‌లో ఏదో ఒక నంబర్ మారిందని ఒక్క అంకె చెప్పేస్తుంది. అయితే వెండర్ మాస్టర్‌లోనే నంబర్లు టెక్స్ట్‌గా లేకపోతే రెండు చోట్లా ఒకే తప్పు ఉంటుంది, మొత్తాలు చక్కగా కలుస్తాయి. అందుకే మాస్టర్‌లో ఖాతా నంబర్ ఎక్కించేటప్పుడు క్యాన్సిల్డ్ చెక్ పక్కన పెట్టుకుని చివరి అంకె వరకు చూడటం తప్పనిసరి.

హ్యాష్ టోటల్‌కు పెద్ద లోపం ఒకటుంది. దాన్ని తెలుసుకోకుండా వాడితే లేనిపోని ధీమా వస్తుంది. ఎవరో షీట్‌ను మొత్తం ప్రకారం సార్ట్ చేయబోయి ఒక్క కాలమ్‌నే సార్ట్ చేశారనుకుందాం. మొత్తాలు కదిలాయి, ఖాతా నంబర్లు ఉన్న చోటే ఉన్నాయి. కాస్టింగుల పార్టీ 1,94,700 టూల్స్ పార్టీ వరుసలోకి వచ్చింది. వరుసలు ఐదే. మొత్తం 3,59,400యే. హ్యాష్ టోటల్ 967229యే. మూడు పరీక్షలూ పాస్, డబ్బు మాత్రం అస్తవ్యస్తం. ఖాతాలన్నీ అసలైనవే కాబట్టి ఏ వరుసా వెనక్కి కూడా రాదు. తక్కువ పడినవాళ్లు వెంటనే ఫోన్ చేస్తారు, ఎక్కువ పడినవాళ్లు ఎప్పుడు చెబుతారో తెలియదు.

దీనికి మందు వరుసల వారీగా పోల్చడమే. పార్టీ కోడ్, ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ మూడింటినీ ఒక తాళంలా కలిపి, అదే మాస్టర్‌లోని తాళంతో పోల్చాలి.

```
=EXACT(A2&"|"&B2&"|"&C2, XLOOKUP(A2,Master!A:A,Master!D:D,""))
```

ఇక్కడ A కాలమ్‌లో పార్టీ కోడ్, B లో ఖాతా నంబర్, C లో ఐఎఫ్ఎస్‌సీ. మాస్టర్ షీట్ D కాలమ్‌లో ఇదే రూపంలో కలిపి పెట్టుకున్న తాళం. ఒక్క అంకె తేడా ఉన్నా FALSE వస్తుంది. మొత్తాన్ని కూడా ఇలాగే పార్టీ కోడ్ మీద లెడ్జర్ నుంచి తెచ్చి ఫైల్‌లోని మొత్తంతో కలిపి చూడాలి. పైన చెప్పిన సార్టింగ్ తప్పు దొరికేది అప్పుడే. ఈ పనికి COUNTIF వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అది టెక్స్ట్‌గా ఉన్న పొడవాటి నంబర్లను కూడా సంఖ్యలుగా మార్చి చూస్తుంది, అంటే 15 అంకెల వరకే పోలుస్తుంది. చివరి అంకె ఒక్కటే వేరుగా ఉన్న రెండు 16 అంకెల ఖాతాలు దానికి ఒకటే. సరిగ్గా మనం పట్టాల్సిన తప్పునే అది వదిలేస్తుంది.

ఐఎఫ్ఎస్‌సీ సంగతి కాస్త తేలిక. దానికి 11 స్థానాలు. మొదటి నాలుగు బ్యాంకును చెప్పే అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, తర్వాతి ఆరు బ్రాంచి కోడ్. ఐదో స్థానంలో సున్నాకు బదులు ఓ అనే ఇంగ్లిష్ అక్షరం కొట్టడం తరచూ జరిగే పొరపాటు, కంటికి ఆనదు.

```
=AND(LEN(C2)=11,MID(C2,5,1)="0")
```

తెలుగు రాష్ట్రాల్లోని పాత వెండర్ మాస్టర్లలో ఇంకో రకం శేషం కనిపిస్తుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ANDBతో మొదలయ్యే కోడ్‌లు పోయి UBINతో మొదలయ్యేవి వచ్చాయి. సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసినప్పుడు SYNB పోయి CNRB వచ్చింది. రోజూ పేమెంట్ వెళ్లే పార్టీలవి ఎప్పుడో సరిచేసి ఉంటారు. మన అట్టపెట్టెల పార్టీలా మధ్యలో కొన్నేళ్లు ఆర్డర్లు లేక మళ్లీ మొదలైన పార్టీ దగ్గర పాత కోడ్ అలాగే ఉండిపోతుంది. రూపం ప్రకారం పాత కోడ్ కూడా సరైనదే కాబట్టి పై సూత్రం దాన్ని పాస్ చేస్తుంది, పోర్టల్ మాత్రం ఆపుతుంది. ఇలా ఆగిపోయే తప్పు పెద్ద ప్రమాదం కాదు, కాస్త ఆలస్యం అంతే. అయితే అప్పటికప్పుడు పార్టీకి ఫోన్ చేసి చెప్పించుకున్న కోడ్‌ను నేరుగా ఫైల్‌లో దిద్దడం మాత్రం చెడ్డ అలవాటు. ముందు మాస్టర్‌లో మార్చి, ఫైల్‌ను మళ్లీ తీయాలి. ఫైల్‌లో చేత్తో దిద్దిన క్షణంలోనే అంతవరకు చేసిన పరీక్షలన్నీ చెల్లకుండా పోతాయి.

ఖాతా మార్పు గురించి ఇక్కడే గట్టిగా చెప్పుకోవాలి. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ నంబర్‌కు పంపండి" అంటూ సప్లయర్ లెటర్‌హెడ్ మీద మెయిల్ వస్తుంది. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, లేదా సప్లయర్ మెయిల్‌నే ఎవరో హ్యాక్ చేసి ఉంటారు. మాస్టర్‌లో ఒకసారి ఆ నంబర్ ఎక్కిందంటే పైన చెప్పిన తాళం పరీక్ష కూడా TRUE అనే అంటుంది, ఎందుకంటే అది పోల్చేది మాస్టర్‌తోనే. ఈ ఒక్క తప్పును ఏ ఫార్ములా పట్టలేదు. చేయాల్సింది ఫోన్ కాల్. అదీ ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కు. ఒక రూపాయి పంపి చూడటం చాలామంది చేస్తారు. దాని వల్ల ఖాతా పని చేస్తోందని తెలుస్తుంది, మోసగాడి ఖాతా కూడా చక్కగానే పని చేస్తుంది. ఖాతాదారు పేరు చూపించే సదుపాయంతో కలిపి వాడితేనే దానికి విలువ. ఫైల్ తయారీ మొదలయ్యాక వచ్చిన ఖాతా మార్పును ఆ వారం రన్‌లో చేర్చకుండా, ఆ పార్టీ వరుసను పక్కన పెట్టడం మేలు. సప్లయర్ రెండు రోజులు విసుక్కుంటే సర్దిచెప్పొచ్చు. తెలియనివాళ్ల ఖాతాలో పడిన డబ్బును వెనక్కి రప్పించడం అంత తేలిక కాదు.

పరీక్షలన్నీ అయ్యాక ఫైల్‌ను సీఎస్‌వీగానో టెక్స్ట్‌గానో సేవ్ చేస్తారు. ఆ తర్వాత "ఒకసారి చూద్దాం" అని అదే సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొడితే, ఖాతా నంబర్లు మళ్లీ సంఖ్యలైపోయి కథ మొదటికి వస్తుంది. చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. పార్టీ పేర్లలోని కామా, అపాస్ట్రఫీ, & గుర్తును కూడా ముందే తీసేయాలి. సీఎస్‌వీలో ఒక కామా ఎక్కువైతే ఆ వరుసలోని గడులన్నీ ఒక స్థానం కుడికి జరిగిపోతాయి.

అప్‌లోడ్ నొక్కాక పేజీ తిరుగుతూ తిరుగుతూ టైమ్ అవుట్ అయితే అక్కడ వచ్చే టెన్షన్‌లో జరిగేదే అన్నింటికన్నా ఖరీదైన తప్పు: మళ్లీ అప్‌లోడ్ చేయడం. మొదటి ఫైల్ లోపలికి వెళ్లే ఉండొచ్చు. ముందు అప్‌లోడ్ అయిన ఫైళ్ల జాబితా చూడాలి, బ్యాలెన్స్ చూడాలి, అప్పటికీ తెలియకపోతే బ్యాంకు సర్వీస్ డెస్క్‌ను అడగాలి. ప్రతి వరుసకూ బిల్లు నుంచి పుట్టిన ఒక రిఫరెన్స్ నంబర్ ఉంటే, చాలా పోర్టళ్లు అదే రిఫరెన్స్ రెండోసారి వచ్చినప్పుడు ఆపుతాయి. అప్‌లోడ్ చేసిన టైమును రిఫరెన్స్‌గా వాడే ఆఫీసులకు ఆ రక్షణ ఉండదు, ఎందుకంటే రెండోసారి టైము మారిపోతుంది కదా.

ఫైల్ వెళ్లాక నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా, రోజంతా, సెలవు రోజుల్లో కూడా నడుస్తుంది. జమ చేయలేకపోతే అవతలి బ్యాంకు ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లో వెనక్కి పంపాలి. అందువల్ల శుక్రవారం సాయంత్రం ఐదింటికి వెళ్లిన ఫైల్‌లో ఏది తిరిగి వచ్చిందో చూడటానికి సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఆ రాత్రే బ్యాంకు ఫలితాలతో తిరిగి ఇచ్చే రివర్స్ ఫైల్ దించుకుని చూడొచ్చు. అందులో వరుస వారీగా స్థితి, ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన యూటీఆర్ నంబర్ ఉంటాయి. నెఫ్ట్‌కు యూటీఆర్ 16 స్థానాలు, ఆర్‌టీజీఎస్‌కు 22. యూటీఆర్ వచ్చిందంటే డబ్బు బయలుదేరిందని మాత్రమే అర్థం. వెనక్కి వచ్చిన మొత్తం స్టేట్‌మెంట్‌లో వేరే క్రెడిట్‌గా కనిపిస్తుంది. దాన్ని ఎవరో కస్టమర్ పంపిన డబ్బనుకుని, ఎవరిదో తేలని డబ్బు పెట్టే సస్పెన్స్ ఖాతాలో వేసేస్తే, లెడ్జర్‌లో సప్లయర్‌కు ఇచ్చేసినట్టే ఉంటుంది, అతనేమో అడుగుతూనే ఉంటాడు. సోమవారం ఫోన్ చేసిన బేరింగుల షాపు యజమాని విషయంలో జరిగింది ఇదే. ఆ 35,400 శుక్రవారం రాత్రే కంపెనీ ఖాతాలోకి తిరిగి వచ్చేసింది. ముందు ఆ క్రెడిట్‌ను అతని లెడ్జర్‌లోకి మార్చాలి, మాస్టర్‌లో చివరి అంకె చూసుకోవాలి, ఆ తర్వాత అతని ఒక్క వరుసతోనే కొత్త ఫైల్ పంపాలి.